తొలకరికి ముందు బీరువా: ఏది ఉతకాలి, ఏది ఆరబెట్టాలి, ఏ మడత మార్చాలి



పోయిన వేసవిలో మా అమ్మ పెళ్లి పట్టుచీర బయటకు తీశాం. మా అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి అమ్మమ్మ చీరతోనే లంగా కుట్టించాలని అందరి సరదా. చీర మీద మరక లేదు, పురుగు కొట్టిన జాడ లేదు. విప్పి పట్టుకోగానే మడత పడిన చోట జానెడు పొడవున చీలింది. రెండో మడత విప్పితే అక్కడా అంతే. ప్లాస్టిక్ కవర్లో, ఒకే మడత మీద, ఏళ్ల తరబడి అడుగు అరలో ఉంది పాపం ఆ చీర. "కట్టుకుంటే పాడవుతుందని దాచానే" అంది అమ్మ.

అందుకే ఈ నెల ఇంటి పాఠానికి బీరువాను ఎంచుకున్నాను. ఎండాకాలం సెలవులు, పిల్లలు ఇంట్లోనే ఉంటారు. ఇందులో వాళ్లు చేసే ప్రయోగం ఒకటి, లెక్క ఒకటి ఉన్నాయి.

ఇప్పుడే ఎందుకంటే, మే చివరి వారంలో రోహిణి కార్తె వస్తుంది. మన ప్రత్తిపాడు, గుంటూరు వైపు రోళ్లు పగులుతాయనే ఎండలు అవి. మధ్యాహ్నం వేళ గాలిలో తేమ బాగా తగ్గుతుంది. జూన్ మొదటి వారం దాటి మృగశిర వచ్చిందంటే గాలి మారిపోతుంది. బీరువా తలుపు మూసినప్పుడు లోపల ఏ గాలి ఉందో, బట్టలో ఎంత తడి ఉందో, రాబోయే నాలుగు నెలలూ దానితోనే బట్ట కాపురం చేయాలి. పొడిగాలి ఉన్నప్పుడే మూసేయడం మంచిది.

మన ఊళ్లో మామూలు ఇల్లు ఒకటి అనుకుందాం. అమ్మ, నాన్న, నాయనమ్మ, ఇద్దరు పిల్లలు. ఒక ఇనుప బీరువా, ఒక ట్రంకుపెట్టె. అమ్మకూ నాయనమ్మకూ కలిపి గంజి పెట్టిన నేత చీరలు పది, పన్నెండు. మంగళగిరివి కొన్ని, చీరాలవి కొన్ని. పట్టుచీరలు అయిదు. నాన్న పంచెలు, చొక్కాలు. పిల్లల యూనిఫాంలు, డిసెంబరులో నాలుగు వారాలు వేసుకున్న స్వెట్టర్లు. ఒక్కరోజులో ఇదంతా తేలదు. నాలుగు రోజులు పెట్టుకోండి. మొదటి రెండు రోజులు నేత బట్టలకు, మూడో రోజు పట్టుకు, నాలుగో రోజు మిగతా వాటికి.

గంజి పోయిందా, లేదా?

నేత చీరలో నూలు జోలికి పురుగు ఊరికే రాదు. అది వచ్చేది గంజి కోసం. వెండిలా మెరుస్తూ, బీరువా తలుపు తీయగానే చరచరా పాకి సందులో దూరే చిన్న పురుగును మీరు చూసే ఉంటారు. సిల్వర్‌ఫిష్ అంటారు. పిండి పదార్థం, పుస్తకాల అట్టల బంక, కాగితం దాని తిండి. చీకటి, చెమ్మ దానికి ఇల్లు. గంజి చీరను వానాకాలమంతా మడిచి పెట్టడమంటే దానికి అన్నం వడ్డించడమే. అది గుండ్రంగా చిల్లు పెట్టదు. పైపైన గీకి తింటుంది. గీకిన చోట బట్ట పలచబడి, తర్వాత ఉతికినప్పుడు వంకర టింకరగా చిరుగుతుంది. గంజి బట్ట గట్టిగా ఉండటం వల్ల మడత దగ్గర నూలు పోగులు విరగడం ఇంకో నష్టం.

కాబట్టి దాచే ముందు గంజి పూర్తిగా తీసేయాలి. కట్టుకునే రోజుకు మళ్లీ పెట్టుకోవచ్చు. మామూలుగా మనం ఒక్క జాడింపుతో సరిపెడతాం, చేతికి మెత్తగా తగలగానే గంజి పోయిందనుకుంటాం. అది నిజమా కాదా అన్నది పిల్లలు తేల్చగలరు.

సైన్సు పాఠంలో పిండి పదార్థానికి అయోడిన్ పరీక్ష వాళ్లు చదువుకున్నదే. మందుల షాపులో దొరికే టింక్చర్ అయోడిన్ గానీ, గాయాలకు రాసే బెటాడిన్ ద్రావణం గానీ చాలు. ఆయింట్‌మెంట్ పనికిరాదు. చీరను గోరువెచ్చని నీళ్లలో అరగంట నానబెట్టి, చేత్తో పిసికి, ఆ నీళ్లు అర గ్లాసు పక్కన పెట్టండి. నీళ్లు మార్చి రెండోసారి జాడించి, మరో అర గ్లాసు. మూడోసారి ఇంకో అర గ్లాసు. నాలుగో గ్లాసులో ఉత్త కుళాయి నీళ్లు పోయండి, పోల్చి చూడటానికి. అన్నీ చల్లారాక ఒక్కోదాంట్లో రెండు చుక్కలు వేయమనండి. నీళ్లు వేడిగా ఉంటే గంజి ఉన్నా నీలం రంగు కనిపించదు, చల్లారాకే వస్తుంది. ఇది చాలామంది పిల్లలు పరీక్ష పేపర్లో మర్చిపోయే సంగతి కూడా.

మా ఇంట్లో చేస్తే మొదటి గ్లాసు సిరా పోసినట్టు నల్లటి నీలం అయింది. రెండోది లేత నీలం. మూడోదాంట్లో కుళాయి నీళ్ల గ్లాసులాగే పలచటి టీ రంగు తప్ప ఏమీ లేదు. అంటే రెండో జాడింపు దగ్గర ఆపేసి ఉంటే, చేతికి మెత్తగానే ఉన్నా, గంజి ఇంకా ఉండేది. మీ ఇంట్లో మూడుకు బదులు నాలుగు పట్టవచ్చు, గంజి ఎంత చిక్కగా పెట్టారన్న దాన్ని బట్టి. టీ రంగు వచ్చేదాకా జాడించడమే.

రెండు జాగ్రత్తలు. పరీక్ష ఉత్త నీళ్లతో జాడించినప్పుడే చేయాలి, సబ్బు నీళ్లలో అయోడిన్ రంగు పోయి మోసం చేయవచ్చు. చుక్క నీళ్లలో వేయాలి గానీ చీర మీద వేయకూడదు, మరక పడుతుంది. గ్లాసులు తాగేవి కాకుండా పాత ప్లాస్టిక్‌వి తీసుకుని, పని అయ్యాక పారేయండి. బజారులో సీసాల్లో దొరికే గంజి మందుల్లో కొన్ని పిండితో చేసినవి కావు, వాటి విషయంలో ఈ పరీక్షను నమ్మలేం.

రంగు దిగే చీర అని అనుమానం ఉంటే ముందే కొంగు మూల తడిపి తెల్ల గుడ్డతో అద్ది చూడండి. రంగు అంటితే గోరువెచ్చని నీళ్లు వద్దు. చన్నీళ్లలో, విడిగా, తక్కువ సేపు, ఎక్కువసార్లు జాడించండి. ఆరేయడం తిరగేసి, నీడ పట్టున. తెల్ల పంచెలూ దుప్పట్లూ మాత్రం ఎండలోనే.

ఆరిన చీరను తీసి వెంటనే మడవకండి. ఒక రాత్రి ఫ్యాను కింద దండెం మీద వదిలేయండి. ఎండలోంచి తెచ్చిన బట్ట, ఇస్త్రీ చేసిన బట్ట వేడిగా ఉంటాయి. వేడి బట్టను దొంతరగా పేర్చి తలుపు మూస్తే, చల్లారేటప్పుడు లోపల మిగిలిన ఆవిరి మడతల మధ్యే చెమ్మగా దిగుతుంది. ఆరిందో లేదో చూడటానికి బట్ట మధ్యలో పట్టుకుంటే తెలియదు. అంచు, కుట్టు, నడుము పట్టీ లాంటి మందంగా ఉన్న చోట బుగ్గకు ఆనించండి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. దాచే బట్టకు ఇస్త్రీ అవసరమే లేదు, పైగా కంటికి కనపడని మరకలు ఇస్త్రీ వేడికి బట్టలో స్థిరపడతాయి.

కళ్లం నుంచి వచ్చిన చొక్కా

మిరప కోతల కాలంలో కళ్లంలో తిరిగిన చొక్కాలు, లుంగీలు, తలకు చుట్టిన తువ్వాళ్లు మన దగ్గర ఇంటింటా ఉంటాయి. వాటిని మిగతా బట్టలతో కలిపి ఒకే బకెట్లో నానబెట్టడం, అందులోనే చంటిపిల్లల బట్టలు వేయడం తప్పు. మిరపలో మంట పుట్టించే పదార్థం నీళ్లకు లొంగదు, నూనెకో సబ్బుకో లొంగుతుంది. ఉత్త నీళ్లలో జాడిస్తే అది పక్క బట్టకు అంటుతుంది. బయటే గట్టిగా దులిపి, విడిగా సబ్బు నీళ్లలో రెండుసార్లు ఉతకండి. ఉతికే వాళ్లు చేతులకు తొడుగులు వేసుకుంటే ఆ రాత్రి కళ్లు నలుపుకుని బాధపడే పని ఉండదు. తెల్లబట్ట మీద మిగిలిన ఎర్ర ఛాయ గురించి కంగారు వద్దు. మిరప రంగు, పసుపు రంగు రెండూ ఎండకు వెలిసిపోయే రకం. సబ్బుతో నూనె జిడ్డు పోయాక రెండు మూడు రోజులు మంచి ఎండలో వేస్తే చాలావరకు పోతాయి.

నల్లరేగడి బురదకు మాత్రం పద్ధతి తిరగబడుతుంది. పచ్చిగా ఉండగా రుద్దితే ఆ మెత్తటి మట్టి పోగుల్లోకి ఇంకా దూరుతుంది. పూర్తిగా ఎండనిచ్చి, బ్రష్‌తో దులిపి, ఆ తర్వాతే తడపండి.

పట్టుకు మడతే శత్రువు

పట్టుచీరను ప్రతిసారీ ఉతకనక్కర్లేదు. గంటో రెండు గంటలో కట్టుకుని, చెమట పట్టకపోతే, మూడు గంటలు గాలికి వేస్తే చాలు. ఎండలో కాదు. పట్టు ఎండకు రంగు తగ్గడమే కాదు, పోగు బలం కూడా తగ్గుతుంది. మధ్యాహ్నం పూట లోపలి వరండాలో, తిరగేసి, వెడల్పు దండెం మీద వేయండి. సన్న తీగ మీద వేస్తే అక్కడో గీత పడుతుంది.

కానీ ఈ వేసవి పెళ్లిళ్లలో కట్టిన చీరల్ని బాగా వెలుతురులో ఒకసారి అంగుళం అంగుళం చూడండి. పిల్లలు ఒలికించిన కూల్ డ్రింకు, చెరుకురసం ఆ రోజు కనిపించవు. అందులోని చక్కెర బట్టలో ఉండిపోయి కొన్ని నెలలకు గోధుమరంగు మరకగా తేలుతుంది. చెమట కూడా అంతే, జాకెట్టు చంకల దగ్గర పసుపుపచ్చగా మారి పట్టును తినేస్తుంది. ఇలాంటివి డ్రైక్లీనింగ్‌కు ఇచ్చేటప్పుడు మరక ఎక్కడుందో, దేనిదో చెప్పి ఇవ్వాలి. తిరిగి తెచ్చాక కవరు తీసేసి, ఆ మందు వాసన పోయేదాకా గాలికి ఉంచాలి.

ఇక మడత. పిల్లల చేత లెక్క చేయించేది ఇక్కడే. చీర పొడవు 5.5 మీటర్లు. మనందరికీ అలవాటు సగానికి సగం మడవడం. మూడుసార్లు సగం చేస్తే చీర 8 సమాన భాగాలవుతుంది, నాలుగోసారికి 16. మడత గీతలు ఎప్పుడూ 1/16, 2/16, 3/16 దగ్గరే పడతాయి. చీరను విప్పి మళ్లీ మడిచినా, అలవాటు చేయి మళ్లీ అదే గీత మీదికి తెస్తుంది. మా అమ్మ చీర చీలింది సరిగ్గా ఆ గీతల మీదే.

దీనికి మందు తేలికే. ఈసారి చీరను మూడు భాగాలుగా మడిచి, దాన్ని మళ్లీ మూడు భాగాలు చేయండి. మొత్తం 9 భాగాలు, ఒక్కోటి సుమారు 61 సెంటీమీటర్లు. గీతలు 1/9, 2/9, 3/9 దగ్గర పడతాయి. 16 భాగాల గీతల్లో ఒక్కటైనా 9 భాగాల గీతతో కలుస్తుందేమో మీ ఆరో తరగతి బాబును కనుక్కోమనండి. ఒక్కటీ కలవదు. వెడల్పులోనూ ఇంతే. ఒకసారి నాలుగు మడతలు వేస్తే, తర్వాతిసారి మూడు. ఇలా ఒకసారి సగాలు, ఒకసారి మూడోవంతులు మారుస్తూ ఉంటే ఏ గీతకైనా మధ్యలో మూడు నెలల విశ్రాంతి దొరుకుతుంది.

ప్రతి మడత లోపలా బొటనవేలంత లావున చుట్టిన పాత పంచె ముక్క పెట్టండి, మడత పదునుగా కాకుండా గుండ్రంగా ఉంటుంది. ఆ ముక్కకు గంజి ఉండకూడదు. జరీ లోపలి వైపుకు రావాలి, జరీ జరీకి ఒరుసుకోకుండా మధ్యన గుడ్డ ఉండాలి. అసలు జరీ అంటే పట్టు పోగు మీద చుట్టిన వెండి తీగ, పైన బంగారు పూత. వెండి సామాను నల్లబడినట్టే అదీ నల్లబడుతుంది. అందుకే సెంటు, కలరా ఉండ దాన్ని తాకకూడదు.

పైన చుట్టడానికి ఉతికిన తెల్ల దిండు గలీబు కన్నా మంచిది లేదు. ప్లాస్టిక్ కవరు లోపలి చెమ్మను బయటికి పోనివ్వదు. న్యూస్ పేపరు సిరా అంటుతుంది, పైగా కాగితం సిల్వర్‌ఫిష్‌కు తిండి. హ్యాంగరుకు తగిలిస్తే బరువైన జరీ అంచు చీరను కిందికి లాగుతుంది. పట్టుచీరలు దొంతరగా నాలుగుకు మించి పేర్చకండి, అన్నిటికన్నా పాతది పైన ఉండాలి.

కలరా ఉండల గురించి కొంచెం గట్టిగా

నాఫ్తలీన్ ఉండ గట్టిగా మూసిన పెట్టెలో మాత్రమే పనిచేస్తుంది. దాని ఆవిరి లోపల నిండితేనే పురుగుకు ఇబ్బంది. తలుపు సందున్న బీరువాలో వేస్తే ఆ ఆవిరి గదిలోకి వస్తుంది, పీల్చేది మనమే. దానికన్నా పెద్ద సంగతి ఇంకొకటి. కొందరు పిల్లలకు పుట్టుకతోనే జీ సిక్స్ పీడీ అనే ఎంజైము తక్కువగా ఉంటుంది, ఉన్నట్టు ఇంట్లో ఎవరికీ తెలియకపోవచ్చు. అలాంటి పసిబిడ్డకు కలరా ఉండలతో దాచిన బట్టలు, దుప్పట్లు నేరుగా వాడితే ఎర్ర రక్తకణాలు విరిగి, కామెర్లు ముదిరి ప్రాణం మీదికి రావచ్చు. పెద్ద బిడ్డ చంటినాటి బట్టలు చిన్నదానికి దాచే అలవాటు మనలో ఎక్కువ. వాటి దగ్గర కలరా ఉండ అసలు పెట్టకండి. ఇప్పటికే పెట్టి ఉంటే వాసన పూర్తిగా పోయేదాకా ఉతికి, గాలికి ఆరేసి, ఆ తర్వాతే తొడగండి. తెల్లటి బిళ్లను పిప్పరమెంటు అనుకుని పిల్లలు నోట్లో వేసుకునే ప్రమాదం ఎలాగూ ఉంది. అలా జరిగితే ఇంట్లో వైద్యం చేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

కలరా ఉండ, కర్పూరం రెండూ కలిపి ఒకే మూటలో పెట్టడం ఇంకో పొరపాటు. విడివిడిగా గట్టిగానే ఉంటాయి గానీ, ఒకదానికొకటి తగిలితే మన ఎండల వేడికే కరిగి జిడ్డుగా బట్ట మీద కారతాయి.

వేపాకు పెట్టేవాళ్లు నీడలో గలగలలాడేదాకా ఎండబెట్టి, పలచటి గుడ్డ మూటలో కట్టి పెట్టండి. పచ్చి ఆకు చెమ్మనూ మరకనూ తెస్తుంది. వేపాకు పురుగును కొంత దూరంగా ఉంచుతుందే తప్ప, అప్పటికే బట్టలో ఉన్న గుడ్లను చంపదు. గంజి తీయని చీర పక్కన ఎన్ని మూటలు కట్టినా ఉపయోగం లేదు. బియ్యంలో ఎండుమిరపకాయలు వేసినట్టు బట్టల్లో వేసేవాళ్లనూ చూశాను. దయచేసి వద్దు.

మిగిలినవి

యూనిఫాంలో పాలిస్టర్ ఎక్కువ కాబట్టి పురుగు దాని జోలికి పెద్దగా రాదు. మెడపట్టీ మురికి మీద, జేబులో మిగిలిన చాక్లెట్ కాగితం మీద మాత్రం బూజు పడుతుంది. జేబులు తిరగేసి ఉతకండి. స్కూల్ తెరిచేది జూన్ రెండో వారంలో కాబట్టి దాచే ముందే ఒకసారి తొడిగి చూడండి. చాలా యూనిఫాంలకు అంచు లోపల రెండు అంగుళాలు మడిచి కుట్టి ఉంటుంది, విప్పితే ఇంకో ఏడాది వస్తుంది. ఎలాస్టిక్ ఉన్నవి ఎండలో ఎక్కువసేపు ఉంచితే సాగిపోతాయి.

స్వెట్టరు ఉన్నిదా కాదా అన్న అనుమానం ఉంటే, లోపలి కుట్టు దగ్గర ఒక పోగు తీసి, పెద్దవాళ్లే పట్టకారుతో పట్టుకుని స్టీలు పళ్లెం మీద కాల్చండి. వెంట్రుక కాలిన వాసన వచ్చి, నలిపితే బూడిదైతే ఉన్ని. కరిగి గట్టి పూసలా మిగిలితే అక్రిలిక్, దానికి పురుగు భయం లేదు, ఉతికి ఆరబెడితే చాలు. ఉన్నిదైతే ఉతికి, పరిచి ఆరబెట్టి, మడిచి ట్రంకుపెట్టెలో పెట్టండి. కలరా ఉండ వాడాలనుకుంటే అది ఒక్కచోటే, గుడ్డలో చుట్టి, పెట్టె గట్టిగా మూసి.

బీరువాను గోడకు ఆనించకుండా నాలుగు వేళ్ల సందు వదలండి. వానాకాలం గోడ చెమ్మ ఇనుప రేకు మీదుగా లోపలికి తెలుస్తుంది. పట్టు పై అరల్లో, పంచెలు, దుప్పట్లు కింది అరల్లో.

పట్టుచీరల మడత మార్చే రోజులు గుర్తుండాలంటే పండగలకు కట్టేయండి. ఉగాది, తొలకరి, దసరా, సంక్రాంతి, సుమారు మూడు నెలలకొకటి. ఒక చిన్న గుడ్డ ముక్క మీద "తొలకరి, 9 మడతలు" అని పిల్లల చేత రాయించి గలీబుకు పిన్నీసుతో గుచ్చండి, పిన్నీసు చీరకు మాత్రం తగలకూడదు. మధ్యలో శ్రావణమాసంలో, వాన లేని మధ్యాహ్నం చూసి, తలుపులు తీసి ముక్కుతో ఒక పరీక్ష చేయండి. మక్కిన వాసన వస్తే ఎక్కడో చెమ్మ ఉంది. అడుగు అరలోంచి మొదలుపెట్టి ఒక్కోటి బుగ్గకు ఆనించి చూస్తూ పోతే దొరుకుతుంది. నల్లటి చుక్కలు కనిపిస్తే ఆ బట్టను విడిగా బయటకు తెచ్చి, ఆరాక దులిపి, ఉతకండి. మిగతా దొంతరలో పెట్టి దులపకండి.

మా అమ్మ చీర విషయానికొస్తే, చీలిన చోట్లు వదిలేసి మిగిలిన కొంగుతో మా అమ్మాయికి జాకెట్టు కుట్టించాం. లంగాకు గుడ్డ చాలలేదు. మిగతా ముక్కను ఇప్పుడు మడవడం లేదు. బట్టల కొట్టులో తానులు చుట్టే అట్ట గొట్టం ఒకటి అడిగి తెచ్చి, దానికి పాత పంచె చుట్టి, ఆ పైన చీరను చుట్టి పెట్టాం. మీ ఇంట్లోనూ ముప్పై, నలభై ఏళ్ల పట్టుచీర ఉంటే, మడత ఎన్నిసార్లు మార్చినా దాని పోగు ఇక ఓర్చుకోలేదు. అలాంటి వాటికి గొట్టమే మేలు.